ఇండెమ్నిటీ క్లాజును తేటగా తిరగరాయడం: నష్టం ఎవరిదో మారకుండా ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో ఒక లాయర్ ఆఫీసులో అగ్రిమెంట్లు రాసి, సరిచేసే పని నాది. ముత్తుకూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు నుంచి రొయ్యల సరఫరా అగ్రిమెంట్లు ఎక్కువగా వస్తాయి, అప్పుడప్పుడు ఒంగోలు వైపు నుంచి కూడా. వచ్చినవాళ్లు దాదాపు అందరూ చెప్పేది ఒకటే: "ఈ నష్టం క్లాజు చదివితే అర్థం కావట్లేదు, కొంచెం తేటగా రాసిపెట్టండి." ఆ పని చేసేటప్పుడు జనం అడిగేవి, అడగాల్సి ఉండీ అడగనివి ఇక్కడ రాస్తున్నాను. ఒకే ఒక క్లాజు తీసుకుని మొదటి నుంచి చివరి దాకా దాని మీదే మాట్లాడతాను.

ఇండెమ్నిటీ అంటే మామూలు నష్టపరిహారమే కదా?

కాదు. ఒకరు మాట తప్పితే రెండోవాళ్లకు పరిహారం రావడం ఇండియన్ కాంట్రాక్ట్ చట్టం, 1872లో 73వ సెక్షన్ సంగతి. దానికి అగ్రిమెంట్లో ప్రత్యేకంగా ఏమీ రాసుకోనక్కర్లేదు, కాకపోతే మరీ దూరపు నష్టాలు అందులో రావు. ఇండెమ్నిటీ 124వ సెక్షన్ కిందికి వస్తుంది: నా వల్ల గానీ, ఇంకొకరి వల్ల గానీ నీకు నష్టం వస్తే దాన్నుంచి నిన్ను నేను కాపాడతానని ముందే ఇచ్చే మాట అది. "ఇంకొకరి వల్ల" అన్న ముక్క గమనించండి. నేను ఏ తప్పూ చేయకపోయినా, నేను రాసిచ్చిన వాక్యాన్ని బట్టి డబ్బు కట్టాల్సి రావచ్చు. అందుకే ఈ క్లాజులో ఒక మాట తీసినా, జరిపినా బరువు ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తి మీదికి వెళ్తుంది.

ఒక అసలు క్లాజు చూపించగలరా?

పేర్లు తీసేసి, ఒక రైతుకూ రొయ్యలు కొనే ఒక కంపెనీకీ మధ్య అగ్రిమెంట్లోని 8వ క్లాజు ఇస్తున్నాను. వ్యాను రైతుదే, ప్లాంటు గేటు దాకా సరుకు తెచ్చే బాధ్యత ఆయనదే.

"సదరు రొయ్యల సరఫరాకు సంబంధించి గానీ, అందులో నిషేధిత యాంటీబయాటిక్ అవశేషములు బయటపడినందువలన గానీ, తమ నిర్లక్ష్యం ఉన్న మేరకు తప్ప, రవాణాలో సరుకు చెడిపోయినందువలన గానీ కంపెనీ వారికి కలుగు సమస్త నష్టములు, కష్టములు, క్లెయిములు, ఖర్చులు, కోర్టు ఖర్చులు సహా రైతు భరించి, కంపెనీ వారిని ఎట్టి నష్టము లేకుండా కాపాడి, వ్యాజ్యము వచ్చినచో తన ఖర్చుతో ఎదుర్కొనవలెను."

మొత్తం ఒకే వాక్యం. చదువుతుంటే ఊపిరి ఆగిపోతుంది, నిజమే. కానీ తొందరపడి కత్తెర పట్టుకోవద్దు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

క్లాజు మీద పెన్ను పెట్టకముందు ఒక తెల్ల కాగితం తీసుకుని ఆరు ప్రశ్నలకు జవాబులు రాయండి. ఎవరు భరిస్తారు? ఎవరి కోసం? ఏ రకం నష్టం? ఏ కారణంతో వచ్చిన నష్టం? ఏది మినహాయింపు? ఎంత దాకా, ఎప్పుడు? జవాబులు పాత క్లాజులోంచే రావాలి, మీ బుర్రలోంచి కాదు. పాత క్లాజులో జవాబు లేకపోతే అక్కడ ఖాళీ వదిలి ప్రశ్న గుర్తు పెట్టండి.

పై క్లాజుకు నేను ఇలాగే చేస్తే నాలుగు చోట్ల ప్రశ్న గుర్తులు పడ్డాయి. ఆ నాలుగింటినీ నేను తేల్చలేను, తేల్చకూడదు కూడా. ఇద్దరు పార్టీలనూ అడగాలి.

ఆ నాలుగింటిలో పెద్దది ఏది?

"తప్ప" అన్న మాట దేనికి తగులుతుంది అన్నది. అది మూడో కారణానికి ముందు ఉంది. కంపెనీ తప్పు ఉంటే రైతుకు మినహాయింపు రవాణాలో చెడిపోయిన సరుకుకేనా, లేక సరఫరా, అవశేషాలు, రవాణా మూడింటికీనా? తెలుగులో ఇలాంటి ముక్క తర్వాత వచ్చే మాటను పట్టుకుంటుంది. కానీ ఇక్కడ కామా ఉంది, తర్వాత "కలుగు సమస్త నష్టములు" అని కూడా ఉంది. రెండు విధాలుగానూ చదవచ్చు.

ఆ రైతు నా ముందు కూర్చుని అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "సామీ, నా గుంటలో నేను మందు వాడుంటే నాదే తప్పు, ఒప్పుకుంటా. వాళ్ల ప్లాంటులో పక్కోడి సరుకు నా సరుకులో కలిపితే అదీ నేనే కట్టాలా?" అప్పటిదాకా ఆ అగ్రిమెంటు ఆయనకు చదివి వినిపించిన ప్రతి ఒక్కరూ ఆ కామాను దాటుకుంటూ వెళ్లిపోయారు.

ఆయన అడిగినదాన్నే లెక్కగా వేసి చూద్దాం, అంకెలు ఉదాహరణకే. విదేశానికి వెళ్లిన సరుకులో క్లోరాంఫెనికాల్ అవశేషం పట్టుబడి సరుకు తిరిగొచ్చింది, కంపెనీకి మొత్తం 20 లక్షల నష్టం. రైతు గుంటలో ఆ మందు వాడిన మాట నిజం. కానీ కంపెనీ కూడా గుంటలో రొయ్యలు పట్టకముందు శాంపిల్ టెస్ట్ చేయించకుండానే, వేరే లాట్లతో కలిపి ప్యాక్ చేసింది. అందులో కంపెనీ తప్పు 40 శాతం అని తేలిందనుకుందాం. మినహాయింపు మూడింటికీ వర్తిస్తే రైతు కట్టేది 12 లక్షలు. రవాణాకు మాత్రమే అయితే 20 లక్షలూ ఆయనే కట్టాలి. తేడా 8 లక్షలు, అది ఒక కామా మీద ఆధారపడి ఉంది.

ఇప్పుడు మీరు "చదవడానికి బాగుంటుంది" అని ఈ వాక్యాన్ని (అ), (ఆ), (ఇ) అని మూడుగా విరగ్గొట్టి, "కంపెనీ నిర్లక్ష్యం ఉన్న మేరకు తప్ప" అన్న ముక్కను (ఇ) లోపలే పెట్టారనుకోండి. మీరు 8 లక్షలు రైతు మీద వేసేశారు. దాన్ని కిందికి తెచ్చి మూడింటికీ కలిపి రాస్తే, ఆ 8 లక్షలు కంపెనీ మీద వేశారు. పేరాలు విరగ్గొట్టడమే కదా అనుకుంటాం గానీ ఇలాంటి చోట విరగ్గొట్టడమంటే తీర్పు చెప్పడమే. అందుకే అడిగి తీరాలి. మా దగ్గర ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు, మూడింటికీ వర్తించాలన్నదే తమ ఒప్పందమని కంపెనీ మేనేజర్ కూడా ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోయి ఉంటే అది బేరం అవుతుంది. బేరం తేలేదాకా నేను ఆ ముక్కను ముట్టుకునేవాణ్ణి కాదు.

"ఉన్న మేరకు తప్ప" చుట్టుతిరుగుడుగా ఉంది, "ఉంటే తప్ప" అని రాస్తే సరిపోదా?

సరిపోదు, మొత్తం మారిపోతుంది. "మేరకు" అంటే వాటా ప్రకారం. కంపెనీ తప్పు 40 శాతమైతే రైతు మిగతా 60 శాతం భరిస్తాడు, అంటే 12 లక్షలు. "కంపెనీ నిర్లక్ష్యం ఉంటే తప్ప" అంటే కంపెనీ తప్పు ఇసుమంత ఉన్నా రైతు ఏమీ కట్టనక్కర్లేదన్న వాదన వస్తుంది, అంటే సున్నా. "కంపెనీ నిర్లక్ష్యం వల్లే జరిగితే తప్ప" అని ఒక "ఏ" చేర్చారనుకోండి, అప్పుడు తప్పు పూర్తిగా కంపెనీదైతేనే మినహాయింపు అన్న వాదన బలపడుతుంది, రైతు 20 లక్షలూ కట్టాల్సి రావచ్చు. సున్నా, 12, 20. మూడు మాటలూ వినడానికి ఒకటేలా ఉంటాయి. "మేరకు" కనిపిస్తే దాన్ని అలాగే ఉంచండి.

"సంబంధించి" అని ఒకచోట, "వలన" అని ఇంకోచోట ఉంది. ఒకేలా ఉండేలా రెండింటినీ "వల్ల" చేయొచ్చా?

నేను ఒకప్పుడు వేరే అగ్రిమెంట్లో అదే పని చేశాను. చదవడానికి నున్నగా వచ్చింది. సంతకాలకు ముందు అవతలి పక్షం లాయరు ఫోన్ చేసి, "సంబంధించి అన్నది ఎందుకు తీశారు, ఎవరు తీయమన్నారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "సంబంధించి" వల చాలా పెద్దది. సరఫరా ఆలస్యమై, దాని గురించి మూడోవాళ్లు కంపెనీ మీద క్లెయిమ్ వేసినా అందులో పడుతుంది. "వల్ల" అంటే కారణం చూపించాలి. పెద్ద వలను చిన్న వల చేయడం అంటే భరించేవాడికి మేలు చేసినట్టే. చిన్నదాన్ని పెద్దది చేస్తే అవతలివాడికి మేలు. ఏ కారణానికి ఏ మాట ఉందో దానికి ఆ మాటే మిగలాలి. చూడటానికి ఒకేలా లేకపోతే పోనీ.

"నష్టములు, కష్టములు" లాంటి జంట మాటలు తీసేయొచ్చు కదా?

కొన్ని తీయొచ్చు. "నష్టములు, కష్టములు" ప్రాస కోసం దస్తావేజుల్లో చాలాకాలంగా వస్తున్న జంట, "కష్టములు" అంటే విడిగా ఏమైనా ఉద్దేశం ఉందా అని ఇద్దర్నీ అడిగి, లేదంటే తీసేస్తాను. కానీ "నష్టములు, క్లెయిములు, ఖర్చులు" అలాంటివి కావు. నష్టం అంటే కంపెనీ జేబులోంచి పోయింది. క్లెయిమ్ అంటే ఎవరో కంపెనీని అడుగుతున్నది, ఇంకా కట్టింది కాదు. ఖర్చు అంటే టెస్టులు, లాయరు ఫీజు లాంటివి. మూడూ మూడు రకాల సంగతులు. వీటిలో "క్లెయిములు" తీసేస్తే, మూడోవాళ్లు అడిగే డబ్బుకు కూడా రైతు బాధ్యుడన్న మాట మసకబారుతుంది.

"కోర్టు ఖర్చులు సహా" అన్నదీ అంతే. 125వ సెక్షన్ ప్రకారం కోర్టులో కట్టాల్సి వచ్చిన పరిహారం, కేసు ఖర్చులు, రాజీకి ఇచ్చిన డబ్బు రాబట్టుకోవచ్చు. కానీ ఖర్చుల విషయంలో, రాజీ విషయంలో షరతులున్నాయి: భరించేవాడి ఆదేశాలకు విరుద్ధంగా నడవకూడదు, ఇండెమ్నిటీ లేకపోయినా వివేకమున్న మనిషి చేసే పనే చేసి ఉండాలి. చట్టంలో ఎలాగూ ఉంది కదా అని క్లాజులోంచి తీసేయకండి. చట్టం ఇచ్చేది, క్లాజు ఇచ్చేది సరిగ్గా ఒకటే కావాలని లేదు.

"భరించి, కాపాడి, ఎదుర్కొనవలెను" అని మూడు క్రియలెందుకు? "చెల్లించాలి" అంటే చాలదా?

చాలదు, ఇక్కడ కాలం కూడా మారిపోతుంది. "చెల్లించాలి" అంటే కంపెనీ ముందు కట్టి, రసీదు తెచ్చి చూపిస్తే రైతు తర్వాత ఇవ్వడం అని చదివే అవకాశం ఉంది. "కాపాడి" అంటే కంపెనీ మీద బాధ్యత ఖాయమయ్యాక, అది ఇంకా తన డబ్బు కట్టకముందే రైతును అడగొచ్చన్న అర్థానికి చోటుంది. గజానన్ మోరేశ్వర్ పరేల్కర్ కేసులో బొంబాయి హైకోర్టు 1942లో చెప్పింది ఇదే దారిలో ఉంది: రక్షణ పొందినవాడు చేతిలోంచి డబ్బు పోయేదాకా ఆగనక్కర్లేదు, బాధ్యత ఖాయమైతే చాలు. 20 లక్షలు ముందు ఎవరు సర్దాలి అన్నది చిన్న సంగతి కాదు, ముఖ్యంగా పంట మీద పంట అప్పుతో తీస్తున్న రైతుకు.

"ఎదుర్కొనవలెను" పూర్తిగా వేరే పని. కేసు నడపడం, లాయరును పెట్టడం, వాయిదాలకు తిరగడం. అది తీస్తే కేసు నడిపే బాధ్యత కంపెనీ మీదికి వస్తుంది. ఇంకో సంగతి: "వ్యాజ్యం" మాటను తేలిక చేద్దామని "దావా" అని మార్చకండి. జనం దావా అంటే సివిల్ కోర్టులో వేసేదే అనుకుంటారు, వ్యాజ్యం ఇంకా విశాలమైన మాట.

ఇక్కడే రెండో, మూడో ప్రశ్న గుర్తులు. కంపెనీ తప్పు ఉన్న కేసును కూడా రైతే నడపాలా? ఏ వ్యాజ్యం వచ్చినా నడపాలా, ఈ మూడు కారణాల మీద వచ్చినదైతేనేనా? పాత క్లాజు చెప్పలేదు. అడిగితే, ఈ మూడు కారణాల మీద వచ్చినవే, వాటిని రైతే నడపాలి, చివర్లో తేలిన వాటా ప్రకారం కేసు ఖర్చు కూడా సర్దుకుంటాం అన్నారు. రాసుకున్నాను.

"తమ నిర్లక్ష్యం" అంటే ఎవరిది?

ఇది నాలుగో ప్రశ్న గుర్తు. "తమ", "తన" ఎవరివో చెప్పడం పొడుగు వాక్యంలో చాలా కష్టం. వ్యాకరణం ప్రకారం వాక్యానికి కర్త రైతు, కాబట్టి "తమ" అంటే రైతుదే అనాలి. కానీ అలా చదివితే, రైతు నిర్లక్ష్యం ఉన్న మేరకు రైతు కట్టనక్కర్లేదని వస్తుంది, అది అర్థం లేని మాట. పైగా అదే వాక్యంలో రైతుకు "తన ఖర్చుతో" అని ఏకవచనం వాడారు, కంపెనీకి "వారు" అని బహువచనం. అందుకే "తమ" అంటే కంపెనీదే అని నాకు దాదాపు ఖాయంగా అనిపించింది. అయినా "కంపెనీ నిర్లక్ష్యం" అని మార్చేముందు ఇద్దరికీ చూపించి అవుననిపించుకున్నాను. ఇండెమ్నిటీ క్లాజులో తమ, తన, సదరు, వారు అన్నీ తీసేసి పేరునే మళ్లీ మళ్లీ రాయండి. వినసొంపుగా ఉండదు, ఫర్వాలేదు. ఒక్క "తన" ఎవరిదో అనుమానం లేని చోట ఉంచవచ్చు.

"రైతు పూచీ" అని ఒక్క మాటలో రాస్తే?

వద్దు. పూచీ అంటే మనవైపు జామీను అన్న అర్థం కూడా ఉంది. జామీనులో మూడోమనిషి ఉంటాడు: అతను కట్టకపోతే నేను కడతాను అనడం. అది 126వ సెక్షన్ సంగతి, ఇండెమ్నిటీ కాదు.

సరిచేశాక ఎలా వచ్చింది?

"8.1 కింది నష్టాలను రైతు భరించాలి, వాటి నుంచి కంపెనీని కాపాడాలి: (అ) రొయ్యల సరఫరాకు సంబంధించి కలిగే నష్టం, (ఆ) ఆ రొయ్యల్లో నిషేధిత యాంటీబయాటిక్ అవశేషాలు బయటపడినందువల్ల కలిగే నష్టం, (ఇ) రవాణాలో సరుకు చెడిపోయినందువల్ల కలిగే నష్టం.

8.2 పై మూడింటిలో ఏ నష్టమైనా, అందులో కంపెనీ నిర్లక్ష్యం ఉన్న మేరకు రైతు భరించనక్కర్లేదు.

8.3 8.1లోని విషయాల మీద కంపెనీపై వ్యాజ్యం వస్తే రైతు తన ఖర్చుతో ఎదుర్కోవాలి. ఆ ఖర్చులో కంపెనీ నిర్లక్ష్యం ఉన్న మేరకు కంపెనీ రైతుకు తిరిగి ఇవ్వాలి.

8.4 ఈ క్లాజులో నష్టం అంటే కంపెనీకి కలిగే ఏ నష్టమైనా, కంపెనీ మీద వచ్చే ఏ క్లెయిమైనా, కంపెనీకి అయ్యే ఏ ఖర్చైనా. కోర్టు ఖర్చులు ఇందులో భాగమే."

పాతదాని కంటే పొట్టిగా లేదు, గమనించారా? తేటగా రాయడం అంటే పొట్టిగా రాయడం అనుకుంటే ఇక్కడ దెబ్బ తింటాం. 8.3లో రెండో వాక్యం పాత క్లాజులో లేనిది. అది ఇద్దరూ అడిగి పెట్టించుకున్నది కాబట్టి, "ఇది కొత్తగా చేర్చినది" అని పక్కన విడిగా గుర్తు పెట్టి ఇద్దరి చేతా సంతకం పెట్టించాను. సరిదిద్దినదాన్నీ, మార్చినదాన్నీ ఒకే ఎర్ర ఇంకుతో కలిపేస్తే తర్వాత ఎవరూ విడదీయలేరు.

నష్టం అటూ ఇటూ జరగలేదని ఎలా తెలుసుకోవాలి?

జరగగల సంగతులు కొన్ని ఊహించి పాత క్లాజుకూ కొత్త క్లాజుకూ విడివిడిగా పెట్టి చూడండి. వ్యాను దారిలో చెడిపోయి ఐసు కరిగి సరుకు పాడైతే ఎవరు కడతారు? గేటు దగ్గర కంపెనీ వాళ్లే అయిదు గంటలు దింపుకోకుండా నిలబెడితే? అవశేషం బయటపడి, కంపెనీ రైతుకు చెప్పకుండానే రాజీ చేసుకుంటే? పాతదాని ప్రకారం వచ్చిన జవాబూ కొత్తదాని జవాబూ ఒకటైతే సరే. తేడా వస్తే అది మీరడిగి రాసుకున్న జవాబుల కాగితంలో ఉండాలి. అక్కడ లేని తేడా కనిపించిందంటే పొరపాటు మీది, వెనక్కి వెళ్లండి.

ఈ చూపు ఆ క్లాజు దగ్గరే ఆపవద్దు. వేరే క్లాజులో "ఈ అగ్రిమెంటు కింద రైతు బాధ్యత మొత్తం సరుకు విలువకు మించదు" లాంటి పరిమితి ఉందేమో వెతకండి. ఉంటే, అది 8వ క్లాజుకు కూడా వర్తిస్తుందా అన్నది క్లాజు నంబర్ల మీదా, "ఏమి ఉన్నప్పటికీ" లాంటి మాటల మీదా ఆధారపడుతుంది. క్లాజును విడగొట్టి నంబర్లు మార్చినప్పుడు, పాత నంబరును చూపించే వాక్యాలు వేరే పేజీల్లో అనాథలుగా మిగిలిపోతాయి.

క్లాజు చూస్తే రైతుకు అన్యాయంగా ఉంది. సరిచేసేటప్పుడు కొంచెం మంచి చేయకూడదా?

నాకూ చాలాసార్లు అలాగే అనిపిస్తుంది. గుంట మీద బతికేవాడికి 20 లక్షలు అంటే ఏమిటో నాకు తెలుసు. కానీ తేటగా రాయమన్నప్పుడు చాటుగా మార్చడం ఇద్దరికీ ద్రోహమే. రైతు పక్షాన వచ్చినవాళ్లకు విడిగా కాగితం రాసిస్తాను: ఇక్కడ మీ మీద ఇంత బరువు ఉంది, పరిమితి అడగండి, కంపెనీ టెస్ట్ చేయించకపోతే మినహాయింపు అడగండి అని. తర్వాత అడగాల్సింది వాళ్లు.

ఇప్పటికే సంతకాలైపోయిన అగ్రిమెంట్లో క్లాజును మనమే సరిచేసుకోవచ్చా?

ఒక్కరే చేస్తే ప్రమాదం. సంతకాలయ్యాక ముఖ్యమైన చోట ఒక పక్షం రెండో పక్షానికి చెప్పకుండా దిద్దితే, అలా దిద్దినవాళ్లు ఆ పత్రం ఆధారంగా హక్కు అడిగే అవకాశమే పోవచ్చు. ఇద్దరూ ఒప్పుకుంటే 62వ సెక్షన్ ప్రకారం మార్చుకోవచ్చు. పాత కాగితం మీద కొట్టివేతలు చేయకుండా, వేరే కాగితం మీద "8వ క్లాజు బదులు ఇది" అని రాసి, ఏ తేదీ నుంచో చెప్పి, ఆ తేదీకి ముందు వెళ్లిన సరుకుకు ఏ క్లాజు వర్తిస్తుందో కూడా రాసి ఇద్దరూ సంతకం చేయాలి. చివరిది చాలామంది మర్చిపోతారు. విదేశం వెళ్లిన సరుకు మీద గొడవ నెలల తర్వాత వచ్చినప్పుడు, ఆ సరుకు వెళ్లిన రోజున ఏ క్లాజు నడుస్తోందన్నదే మొదటి తగాదా అవుతుంది.